కింది అంతస్తు షవర్‌లోనే ఉంది అసలు పొదుపు

2024 మార్చి. బెంగళూరులో బోర్లు ఎండిపోయి, అపార్ట్‌మెంట్లు ట్యాంకర్ల కోసం ఎదురుచూస్తున్నాయి. అప్పుడు అక్కడి జలమండలి ఒక ఉత్తర్వు ఇచ్చింది. అపార్ట్‌మెంట్లు, హోటళ్లు, వాణిజ్య భవనాలు, పరిశ్రమలు తమ కుళాయిలకు నెలాఖరులోగా ఏరేటర్లు బిగించుకోవాలని దాని సారాంశం. లక్షల మంది తెలుగువాళ్లు ఉండే నగరం కావడంతో ఆ మాట మన ఇళ్లలోకీ వచ్చింది. ఏరేటర్ అంటే ఏమిటి, షవర్‌కి కూడా అలాంటిది ఉంటుందా, పెడితే స్నానం చేసినట్టు ఉంటుందా అని చాలామంది అడగడం మొదలుపెట్టారు.

చివరి ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యమైనది. నీళ్లు ఆదా అవుతాయంటే ఎవరూ కాదనరు. కానీ తలంటు పోసుకున్నాక నురగ వదలకపోతే, చలికాలం పొద్దున్న ఒంటి మీద సన్నటి ధార పడుతుంటే, ఆ షవర్‌ను మనిషి వారం కూడా ఉంచుకోడు. పాతది మళ్లీ బిగిస్తాడు. లేదా పది నిమిషాల స్నానం పదిహేను నిమిషాలు చేస్తాడు. రెండిట్లో ఏది జరిగినా ఆదా ఉండదు. కాబట్టి సుఖం తగ్గకుండా నీళ్లు తగ్గడం సాధ్యమేనా అన్నది తేల్చుకోవాలి. సాధ్యమే. అయితే అది మీరు కొన్న షవర్ మీద ఎంత ఆధారపడుతుందో, మీరు ఏ అంతస్తులో ఉన్నారన్న దాని మీదా అంతే ఆధారపడుతుంది.

గాలి చేసే పని, బిళ్ల చేసే పని

వాష్ బేసిన్ కుళాయి మూతి దగ్గర చిన్న జాలీ ఒకటి కనిపిస్తుంది. అదే ఏరేటర్. విప్పి చూస్తే ఇత్తడి గుల్ల, దానిలోపల సన్నటి రంధ్రాలున్న ప్లాస్టిక్ బిళ్ల, దాని కింద ఒకటి రెండు జాలీలు, పైన రబ్బరు వాషర్ ఉంటాయి. నీళ్లు బిళ్ల రంధ్రాల్లోంచి వేగంగా దూసుకొస్తాయి. వేగం పెరిగిన చోట ఒత్తిడి పడిపోతుంది కాబట్టి పక్కనున్న సందుల్లోంచి గాలి లోపలికి లాక్కుంటుంది. ఆ గాలి, నీళ్లు జాలీలో కలిసి తెల్లగా, మెత్తగా, లావుపాటి ధారగా దిగుతాయి. చేతి మీద పడితే చిందవు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. నీళ్లను ఆదా చేసేది గాలి కాదు, ప్రవాహాన్ని ఇరుకు చేసే బిళ్ల. గాలి పనల్లా తగ్గిన ధార సన్నగా కనిపించకుండా చూడడమే. కాబట్టి జాలీ ఉన్న ప్రతి కుళాయీ నీళ్లు ఆదా చేస్తుందనుకోవద్దు. ధార చిందకుండా ఉండటానికి మాత్రమే పెట్టిన మామూలు ఏరేటర్లు నిమిషానికి 10 లీటర్లకు పైనే వదులుతాయి. ఆదా చేసే ఏరేటర్ మీద నిమిషానికి ఎన్ని లీటర్లో రాసి ఉంటుంది. చేతులు కడుక్కునే బేసిన్‌కి 3 లీటర్లది చాలు. గిన్నెలు కడిగే సింకుకి 6 లీటర్లది సుఖంగా ఉంటుంది.

పెట్టినా ఫలితం లేని చోట్లు కూడా ఉన్నాయి. బకెట్ నింపే కుళాయికి, బిందె పట్టే కుళాయికి ఏరేటర్ పెడితే ఒక్క చుక్క మిగలదు. బిందెకు కావలసిన నీళ్లు బిందెకు కావాలి, నిండటానికి పట్టే సమయమే పెరుగుతుంది. చేతులు, కూరగాయలు, గిన్నెలు కడిగేటప్పుడు ధార పారుతూ ఉంటుంది చూడండి, అక్కడే ఏరేటర్ పనిచేస్తుంది.

ఒంటికి తగిలేది లీటర్లు కాదు

ఇక షవర్ సంగతి. స్నానం బాగుందని మనకు అనిపించేది నిమిషానికి ఎన్ని లీటర్లు పడుతున్నాయో లెక్కపెట్టి కాదు. చుక్క ఎంత వేగంతో తగులుతోంది, ధార ఒంటి మీద ఎంత మేర పరుచుకుంటోంది, వెచ్చదనం నిలుస్తోందా అన్నవి మనకు తెలుస్తాయి. నీళ్లు తగ్గించి కూడా ఈ మూడూ నిలబెట్టగలిగితే ఒంటికి తేడా తెలియదు. తోటకు నీళ్లు పెట్టే పైపు మూతిని బొటనవేలితో సగం మూస్తే ధార దూరంగా దూకుతుంది కదా, మంచి షవర్ తయారుచేసేవాళ్లు ఆధారపడేది ఆ సూత్రం మీదే. రంధ్రాలు తక్కువ, సన్నం చేస్తే తక్కువ నీళ్లైనా వేగంగా వస్తాయి.

అమెరికాలో ఈ సంగతి చట్టంతో మొదలై అనుభవంతో తేలింది. 1992 నాటి ఇంధన చట్టం ప్రకారం 1994 నుంచి అక్కడ షవర్‌లు నిమిషానికి 2.5 గ్యాలన్లు, అంటే దాదాపు 9.5 లీటర్లు దాటకూడదు. తొలిరోజుల్లో వచ్చిన షవర్‌లలో కొన్ని కేవలం దారిని ఇరుకు చేసి ఊరుకున్నాయి, జనం విసుక్కున్నారు. 2010లో అక్కడి పర్యావరణ సంస్థ వాటర్‌సెన్స్ ముద్ర కోసం నిబంధనలు రాసేటప్పుడు నీళ్ల పరిమితిని 2 గ్యాలన్లకు, అంటే సుమారు 7.6 లీటర్లకు దించింది. దాంతో పాటు స్నానం నాణ్యతకూ పరీక్షలు పెట్టింది. ధార ఎంత బలంగా తగులుతోందో కొలుస్తారు. ఒకదాని చుట్టూ ఒకటిగా ఉన్న వలయాల్లో నీళ్లు పట్టి, ధార మధ్యలో గుత్తంగా పడుతోందా, అంచులకే పోయి నడుమ ఖాళీగా ఉందా చూస్తారు. ఒత్తిడి తగ్గించినప్పుడు కూడా చెప్పిన ప్రవాహంలో కనీసం 60 శాతం రావాలి. ఈ పరీక్షలన్నీ నెగ్గితేనే ముద్ర.

అంటే 7.6 లీటర్లతో మంచి స్నానం సాధ్యమని పరీక్షల్లోనే తేలింది. మరి అదే షవర్ మన ఇంటికి తెస్తే ఎందుకు నీరసంగా పారుతుంది?

ట్యాంకు నుంచి మీ తలదాకా ఎంత ఎత్తు?

జవాబు మన డాబా మీద ఉంది. అమెరికా పరీక్షలో వాడే అతి తక్కువ ఒత్తిడి 20 పీఎస్‌ఐ. నీళ్ల ఎత్తులో చెప్పాలంటే అది 14 మీటర్లు. మన అపార్ట్‌మెంట్లలో నీళ్లు డాబా మీది ట్యాంకు నుంచి వాటి బరువుతోనే దిగుతాయి. ట్యాంకులో నీటిమట్టం మీ షవర్ కన్నా ఎన్ని మీటర్లు ఎత్తులో ఉందో, మీకు దక్కే ఒత్తిడి అంతే. పది మీటర్లకు ఒక బార్ చొప్పున లెక్క.

పార్కింగ్ మీద ఐదు అంతస్తులున్న భవనాన్ని తీసుకుందాం. హైదరాబాద్‌లో, విజయవాడలో వీధికి నాలుగు ఉంటాయి. ట్యాంకులో నీటిమట్టం ఐదో అంతస్తు షవర్ కన్నా 3 మీటర్లు ఎత్తులో ఉందనుకుందాం. ఒక్కో అంతస్తుకు 3 మీటర్లు. అప్పుడు నాలుగో అంతస్తులో ఆ ఎత్తు 6, మూడులో 9, రెండులో 12, ఒకటిలో 15 మీటర్లు. అమెరికా పరీక్షలోని కనీస ఒత్తిడి ఈ భవనం మొత్తంలో మొదటి అంతస్తువాళ్లకు మాత్రమే అందుతోంది.

ఒత్తిడి నాలుగింతలైతే ప్రవాహం రెండింతలవుతుంది, అంటే ప్రవాహం ఒత్తిడి వర్గమూలాన్ని అనుసరిస్తుంది. అన్ని ఇళ్లలో ఒకే రకం షవర్ ఉండి, ఐదో అంతస్తులో నిమిషానికి 6 లీటర్లు వస్తుంటే, మూడో అంతస్తులో పదిన్నర, మొదటి అంతస్తులో పదమూడున్నర దాకా వస్తాయి. పైపుల్లో రాపిడి వల్ల అసలు అంకెలు కాస్త తగ్గుతాయి గానీ వరుస మారదు. ఒకే ట్యాంకు, ఒకే షవర్, ఒకే నిమిషం. కింద ఉన్నవాళ్లు తెలియకుండానే రెట్టింపుకు పైగా వాడేస్తున్నారు.

ఇప్పుడు ఆ పెట్టె మీది అంకె దగ్గరకు వద్దాం. చాలా షవర్‌ల మీద రాసే ప్రవాహం 3 బార్ దగ్గర కొలిచింది. 3 బార్ దగ్గర 7.5 లీటర్లు ఇచ్చే మామూలు ఇరుకు రంధ్రపు షవర్‌ను మన భవనంలో మొదటి అంతస్తులో బిగిస్తే సుమారు 5.3 లీటర్లు వస్తాయి. ఐదో అంతస్తులో బిగిస్తే రెండున్నర లీటర్ల లోపే. స్నానానికి అది ఏ మూలకూ రాదు. అక్కడివాళ్లు ఆ షవర్‌ను తిట్టుకోవడంలో అన్యాయమేమీ లేదు. కానీ తప్పు షవర్‌ది కాదు, చోటుది.

ఈ చిక్కుకు ఒక పరిష్కారం ఉంది. కొన్ని షవర్‌ల మెడలో, కొన్ని ఏరేటర్లలో మెత్తటి రబ్బరు వలయం ఉన్న ప్రవాహ నియంత్రకం ఉంటుంది. ఒత్తిడి పెరిగితే వలయం నొక్కుకుపోయి దారి ఇరుకవుతుంది, ఒత్తిడి తగ్గితే సడలి దారి వెడల్పవుతుంది. దానివల్ల ఒకటి ఒకటిన్నర బార్ నుంచి పైకి ప్రవాహం దాదాపు ఒకేలా ఉంటుంది. పంపుతో ఒత్తిడి పెంచే ఎత్తైన భవనాల్లో, కింది అంతస్తుల్లో ఇలాంటిదే కొనాలి. లేని ఒత్తిడిని అది పుట్టించలేదు కాబట్టి పై అంతస్తుల్లో దానివల్ల ఒరిగేది లేదు.

బకెట్, గడియారం

కొనేముందు మీ ఇంట్లో ఎంత వస్తోందో కొలవండి. 10 లీటర్ల గుర్తు ఉన్న బకెట్ షవర్ కింద పెట్టి, మీరు స్నానానికి ఎంత తిప్పుతారో అంతే తిప్పి, ఎన్ని సెకన్లలో నిండిందో చూడండి. 600ను ఆ సెకన్లతో భాగిస్తే నిమిషానికి ఎన్ని లీటర్లో వస్తుంది. 45 సెకన్లలో నిండితే 13 లీటర్లకు పైనే, నిమిషం పడితే 10, వంద సెకన్లు పడితే 6 లీటర్లు.

10 లీటర్లు దాటితే షవర్ మార్చడం లాభం. 7 నుంచి 9 మధ్య ఉంటే తొందరలేదు, పాతది పాడైనప్పుడు మంచిది కొనుక్కోవచ్చు. 6కు తక్కువ ఉంటే ఇరుకు చేసే సరుకేదీ పెట్టకండి, మీ ఒత్తిడే ఆ పని చేస్తోంది. పై అంతస్తువాళ్లకు కావలసింది చిన్న ముఖం, తక్కువ రంధ్రాలున్న షవర్. పళ్లెమంత వెడల్పున్న రెయిన్ షవర్ అక్కడ అసలు నప్పదు. ఉన్న కొద్దిపాటి నీళ్లు వందల రంధ్రాలకు పంచుకుపోయి, ఒక్కో ధారకూ వేగం లేకుండా పోతుంది.

మొదటి అంతస్తులో నలుగురున్న ఇంటి లెక్క వేద్దాం. ఒక్కొక్కరు ఆరు నిమిషాలు షవర్ తిప్పుతారు, పదమూడున్నర లీటర్ల చోట ఏడున్నర లీటర్ల నియంత్రకం ఉన్నది పెట్టారు. నిమిషానికి 6 లీటర్ల తేడా, 24 నిమిషాలకు 144 లీటర్లు, నెలకు 4,300 లీటర్లు. ఇది 5,000 లీటర్ల ట్యాంకరుకు కాస్త తక్కువ.

అయితే ఈ లెక్కను పూర్తిగా నమ్మకూడదు. ధార మరీ గట్టిగా ఉంటే చాలామంది కుళాయి కాస్త కట్టేసుకుంటారు. అలా 10 లీటర్లకు తగ్గించుకునేవాళ్లైతే రోజుకు 60, నెలకు 1,800 లీటర్లే మిగులుతాయి. అమ్మేవాళ్లు చెప్పే శాతాలు కుళాయి పూర్తిగా తిప్పినప్పటివి. అందుకే బకెట్ పరీక్షలో మీరు రోజూ తిప్పేంతే తిప్పమన్నది. ఇంకో నిజం కూడా చెప్పాలి. బకెట్, మగ్గుతో 20 లీటర్లలో స్నానం ముగించే ఇంట్లో ఏ షవర్ పెట్టినా ఖర్చు పెరుగుతుందే గానీ తగ్గదు. ఆరు నిమిషాలకు ఏడున్నర లీటర్ల చొప్పున 45 లీటర్లు పోతాయి. ఆదా అంతా ఇప్పటికే షవర్ కింద నిలబడుతున్నవాళ్లదే.

గీజర్ ఎక్కువసేపు వస్తుంది

నీళ్లు తగ్గిస్తే సుఖం తగ్గదు సరికదా, పెరిగే సందర్భం ఒకటుంది. మన ఇళ్లలో ఎక్కువగా ఉండేది 15 లీటర్ల గీజర్. అందులో 60 డిగ్రీల నీళ్లు, ట్యాంకులో 25 డిగ్రీల నీళ్లు ఉన్నాయనుకుంటే, రెండూ కలిపి 40 డిగ్రీల స్నానపు నీళ్లు సుమారు 35 లీటర్లు వస్తాయి. నిమిషానికి 12 లీటర్ల షవర్ కింద అవి మూడు నిమిషాలకే అయిపోతాయి. తలకు షాంపూ ఉండగానే నీళ్లు చల్లబడటం అందరికీ తెలిసిన బాధే. 7 లీటర్ల షవర్ కింద అవే నీళ్లు ఐదు నిమిషాలు వస్తాయి. కరెంటూ కలిసొస్తుంది. ఐదు నిమిషాల స్నానంలో 25 లీటర్లు తక్కువ వేడిచేస్తే దాదాపు అర యూనిట్ మిగులుతుంది.

అప్పటికప్పుడు వేడిచేసే 3 కిలోవాట్ల గీజర్‌కు నిదానంగా పారడం ఇంకా మేలు. నిమిషానికి 3 లీటర్లు పారితే అది 14 డిగ్రీలు వేడెక్కిస్తుంది, 6 లీటర్లు పారితే 7 డిగ్రీలే. గ్యాస్ గీజర్ సంగతి మాత్రం వేరు. ఒక స్థాయి ప్రవాహం లేకపోతే అది వెలగదు. షవర్ మార్చాక మంట మధ్యలో ఆరిపోతూ ఉంటే కారణం అదే. అక్కడ కాస్త ఎక్కువ వదిలే షవర్ కావాలి.

గాలి కలిపే షవర్‌లకు ఒక లోపం ఉంది. గాలి తగిలిన చుక్కలు త్వరగా చల్లబడతాయి, తల దగ్గర వెచ్చగా ఉన్న నీళ్లు కాళ్ల దగ్గరకు వచ్చేసరికి చల్లగా తగులుతాయి. చలి బాగా ఉండే ఊళ్లలో, వెచ్చటి నీళ్లు ఇష్టపడే పెద్దవాళ్లున్న ఇళ్లలో గాలి కలపకుండా విడివిడి ధారలుగా పడే రకమే తీసుకోవాలి. నూనె పెట్టుకుని పొడుగు జుట్టు కడుక్కునేవాళ్లకూ ఆ రకమే నయం, ధారకు జుట్టులోకి దూరే బలం ఉంటుంది.

ఉప్పు పట్టిన జాలీ

బోరు నీళ్లు వచ్చే ఇళ్లలో ఈ సరుకులకు పెద్ద శత్రువు నీళ్లలోని సున్నం. జాలీ మీద, షవర్ రంధ్రాల మీద అది తెల్లగా పేరుకుంటుంది. ధార పక్కకు చిమ్మడం, ఒకవైపే పడటం, నెలనెలా సన్నబడటం దాని గుర్తులు. ఒక్కసారిగా ధార పడిపోతే మాత్రం అది సున్నం కాదు. ట్యాంకు కడిగాకో, పైపులైను పని జరిగాకో వచ్చిన ఇసుక, తుప్పు పొడి జాలీలో ఇరుక్కుని ఉంటాయి. ఏరేటర్ విప్పి, కుళాయి కాసేపు వదిలి, జాలీ కడిగి బిగిస్తే సరిపోతుంది.

సున్నానికి నిమ్మ ఉప్పు మందు. గోరువెచ్చటి నీళ్లలో ఒకటి రెండు చెంచాలు కరిగించి, విప్పిన ఏరేటర్‌ను అరగంట నానబెట్టి, పాత పళ్ల బ్రష్‌తో రుద్దితే పోతుంది. షవర్ కొనేటప్పుడు రంధ్రాల చుట్టూ మెత్తటి రబ్బరు మొనలున్నది చూసుకుంటే వేలితో రుద్దినా సున్నం రాలిపోతుంది. చాలా ఇళ్లలో జరిగేది ఇది కాదు. జాలీ మూసుకుపోగానే దాన్ని తీసి పారేసి ఉత్త గుల్ల బిగిస్తారు. ధార బాగా వస్తుంది, ఆదా పోతుంది.

ఏరేటర్ బిగించడానికి ప్లంబర్ అక్కర్లేదు. పట్టకారు దంతాలకు పూత గీసుకుపోకుండా గుడ్డ చుట్టి పాతది విప్పాలి. దానికి మర బయటివైపు ఉందా లోపలివైపు ఉందా చూసుకుని, పాతదాన్నే కొట్టుకు పట్టుకెళితే కొలత తప్పదు. రబ్బరు వాషర్ ఉంటుంది కాబట్టి టెఫ్లాన్ టేపు చుట్టాల్సిన పని లేదు. షవర్ మరకు మాత్రం టేపు కావాలి. నీటి పొదుపు అమరికలకు మన ప్రమాణాల సంస్థ ఐఎస్ 17650 అనే ప్రమాణం తెచ్చింది. పెట్టె మీద ఆ అంకె ఉందా, ప్రవాహం ఏ ఒత్తిడి దగ్గర కొలిచారో రాశారా అని అడిగి కొనండి.

సంఘం మీటింగులో తేలాల్సిన మాట

అపార్ట్‌మెంటు సంఘాలు ఇలాంటి పని తలపెట్టినప్పుడు అందరికీ ఒకే రకం సరుకు టోకున కొని పంచడం మామూలు. సమానంగా చేశామన్న తృప్తి ఉంటుంది. కానీ దానివల్ల ఐదో అంతస్తువాళ్లకు స్నానం చెడుతుంది, వాళ్లు మూడో రోజే విప్పేస్తారు, పథకం మీదే నమ్మకం పోతుంది. దీనికి బదులు ఇల్లిల్లూ తిరిగి బకెట్‌తో కొలవాలి. మొదటి మూడు అంతస్తులకు నియంత్రకం ఉన్న షవర్‌లు, అన్ని ఇళ్ల బేసిన్‌లకూ అక్కడి ఒత్తిడికి సరిపడే ఏరేటర్లు, పై రెండు అంతస్తులకు చిన్న ముఖం షవర్‌లు పెట్టాలి.

ఇందులో పైవాళ్లకు ఇంకో మేలుంది. ట్యాంకు నుంచి దిగే పైపు చాలా భవనాల్లో ఉమ్మడిది. పొద్దున ఏడు గంటల వేళ కింది అంతస్తుల్లో షవర్‌లన్నీ పూర్తిగా తిప్పితే ఆ పైపులో రాపిడి పెరిగి, అసలే తక్కువున్న పై అంతస్తు ఒత్తిడి ఇంకా పడిపోతుంది. కింద 13 లీటర్లు లాగే చోట 7 లీటర్లే లాగితే పైన ధార నిలబడుతుంది. కాబట్టి కింది ఇళ్ల షవర్‌లకు అయ్యే ఖర్చును అందరూ కలిసి భరించడం న్యాయం. ట్యాంకర్ల ఖర్చు అందరిదీ తగ్గుతుంది, పొద్దుటి స్నానం బాగుపడేది పైవాళ్లకు.